ప్రపోజల్ రాసే ముందు పిల్లల చేత చదివించండి

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో, కోసిగి, ఆదోని చుట్టుపక్కల పల్లెల్లో, ఏటా చలికాలం మొదలయ్యేసరికి ఇళ్లకు తాళాలు పడతాయి. పత్తి తీతకు, ఆ తర్వాత మిరపకాయల కోతకు కుటుంబాలు గుంటూరు వైపూ తెలంగాణ వైపూ సుగ్గికి వెళ్తాయి. చూసుకునే అవ్వాతాతలు ఉంటే పిల్లలు ఊళ్లో ఉంటారు, లేకపోతే అమ్మానాన్నలతోపాటే పొలం గట్టుకు చేరతారు. ఎండాకాలంలో తిరిగొచ్చిన పిల్లవాడు జూన్‌లో మళ్లీ బడికెళ్తే తరగతి మారుతుంది, పాఠ్యపుస్తకం మారుతుంది. కిందటేడు ఆగిన చోట మాత్రం చదువు అలాగే ఆగి ఉంటుంది.

ఇలాంటి పల్లెల్లో పనిచేసే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ ఉందనుకుందాం. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు చదవడం నేర్పించాలని వాళ్ల ఆశ. ఒక కంపెనీ తన సామాజిక బాధ్యత నిధుల కోసం ప్రతిపాదనలు పిలిచింది. 2013 నాటి కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం రెండు శాతం ఇలాంటి పనులకు ఖర్చు పెట్టాలి. డబ్బు ఉంది, అవసరం ఉంది, పని చేసే చేతులూ ఉన్నాయి. ఈ మూడింటినీ కలిపే కాగితమే ప్రపోజల్.

అందులో ప్రధానంగా ఉండేవి నాలుగు భాగాలు: అవసరం ఏమిటి, ఏం సాధిస్తాం, ఎంత ఖర్చు, సాధించామని ఎలా తెలుస్తుంది. చాలా సంస్థలు వీటిని నలుగురికి పంచి రాయిస్తాయి. అవసరం గురించి సెక్రటరీ రాస్తారు, బడ్జెట్ అకౌంటెంట్ వేస్తారు, మూల్యాంకనం పాత ప్రపోజల్లోంచి తెచ్చి అతికిస్తారు. చదివేవాళ్లకు ఆ అతుకులు వెంటనే కనబడతాయి. మొదటి పేజీలో పిల్లలకు చదవడం రాదని ఉంటుంది. మూడో పేజీలో లైబ్రరీలు పెడతామని, ఆరో పేజీలో కంప్యూటర్లు కొంటామని, చివర్లో హాజరు పెరిగిందో లేదో చూస్తామని ఉంటుంది. ఏ పేజీకి ఆ పేజీ బాగానే ఉన్నా మొత్తంగా అది ఒక పని కాదు. నా దృష్టిలో మంచి ప్రపోజల్ లక్షణం ఒక్కటే: అవసరంలో చెప్పిన అంకె లక్ష్యంలో కదలాలి, బడ్జెట్‌లోని ప్రతి రూపాయీ ఆ కదలిక కోసమే ఖర్చవ్వాలి, చివర్లో మళ్లీ ఆ అంకెనే కొలవాలి. మన ఊహా సంస్థను పట్టుకుని అదెలా చేయాలో చూద్దాం. ఇక్కణ్నుంచి ఆ సంస్థ గురించి చెప్పే అంకెలన్నీ ఉదాహరణ కోసం వేసుకున్నవే.

అవసరం అంటే లేని వస్తువు పేరు కాదు

అవసరం రాసేటప్పుడు అందరూ చేసే పొరపాటు ఒకటుంది. "మా మండలంలో బడి పిల్లలకు లైబ్రరీలు లేవు, కాబట్టి లైబ్రరీలు కావాలి" అంటారు. ఇందులో సమస్య చెప్పలేదు, తాము కొనదలచుకున్న వస్తువు లేదని మాత్రమే చెప్పారు. లైబ్రరీ పెట్టినా అక్షరాలు రాని పిల్లవాడు పుస్తకం తెరవలేడు. అవసరం ఎప్పుడూ మనిషి స్థితి గురించి ఉండాలి: ఎవరు, ఎంతమంది, ఏం చేయలేకపోతున్నారు, ఎందుకు.

రెండో పొరపాటు దేశం మొత్తం లెక్కలతో పేజీ నింపడం. అసర్ సర్వే 2024లో దేశంలోని గ్రామీణ ప్రాంతాల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగినవాళ్లు 27 శాతం మాత్రమేనని తేల్చింది. ఈ వాక్యం ప్రపోజల్లో ఒక్కసారి ఉంటే చాలు. సమస్య ఈ ఊరిది మాత్రమే కాదని అది చెబుతుంది. ఈ ఊళ్లో ఎంతుందో మాత్రం చెప్పదు. నిధులిచ్చేవాళ్లకు కావలసింది ఆ రెండోదే.

అది తెలుసుకోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. అసర్‌లో వాడే చదువు పరీక్ష ఒక్క కాగితం మీద ఇమిడిపోతుంది. దాని మీద కొన్ని అక్షరాలు, కొన్ని తేలిక పదాలు, ఒకటో తరగతి స్థాయిలో నాలుగు వాక్యాల పేరా, రెండో తరగతి స్థాయిలో చిన్న కథ ఉంటాయి. పిల్లల్ని ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని ముందు పేరా చదవమంటారు. తడబాటు లేకుండా చదివితే కథ ఇస్తారు, చదవలేకపోతే పదాలు, అవీ రాకపోతే అక్షరాలు చూపిస్తారు. పదాల్లో ఐదింటికి నాలుగు చదివితే పదాల స్థాయి అని రాసుకుంటారు, అక్షరాలకూ అదే కొలత. ఒక్కొక్కరికి కొద్ది నిమిషాలు చాలు.

మన సంస్థ కిందటి ఆగస్టులో 30 బడుల్లో ఈ పని చేసింది. ఆగస్టే ఎందుకంటే సుగ్గికి వెళ్లే కుటుంబాలు అప్పుడు ఊళ్లోనే ఉంటాయి. ఇదే పరీక్ష జనవరిలో పెట్టి ఉంటే అసలు ఎవరి కోసం ఈ పని తలపెట్టారో ఆ పిల్లలే లెక్కలోకి వచ్చేవాళ్లు కాదు. రిజిస్టర్లలో మూడు నుంచి ఐదు తరగతుల పిల్లలు 960 మంది ఉంటే పరీక్షకు దొరికింది 900 మంది. వాళ్లలో 135 మందికి అక్షరాలే రావు, 225 మంది అక్షరాల దగ్గర, 210 మంది పదాల దగ్గర ఆగిపోయారు. అంటే 570 మంది, నూటికి 63 మంది, ఒకటో తరగతి పేరా చదవలేరు. మిగిలినవాళ్లలో సగం పేరా వరకూ, సగం కథ వరకూ చదివారు.

దొరకని 60 మంది సంగతి కూడా రాయాలి. బడికి రాని పిల్లలు సాధారణంగా చదువులో ఇంకా వెనకబడే ఉంటారు కాబట్టి అసలు పరిస్థితి ఈ 63 శాతం కన్నా కాస్త బరువుగానే ఉండొచ్చని ఒక వాక్యంలో ఒప్పుకోవాలి. ఇలా రాస్తే ప్రపోజల్ బలహీనపడుతుందని భయపడేవాళ్లున్నారు. చదివే అధికారికి మాత్రం ఆ వాక్యం దగ్గరే నమ్మకం మొదలవుతుంది. లెక్కలో ఎవరు రాలేదో చెప్పగలిగినవాళ్లు నిజంగా లెక్క తీశారన్నమాట.

తర్వాత కారణం. సుగ్గి వల్ల బడి పోవడం ఒక కారణం. తిరిగొచ్చాక పిల్లల్ని వయసును బట్టి పై తరగతిలో కూర్చోబెట్టడం, అక్కడి పాఠం వాళ్లకు అందకపోవడం రెండో కారణం. ఒకే టీచరు రెండు మూడు తరగతులు చూసుకోవాల్సి రావడం మూడోది. ఇప్పటికే ఏం జరుగుతోందో కూడా చెప్పాలి. వలస కాలంలో పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకోవడానికి సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు నడుస్తున్నాయి. వాటిని ప్రస్తావించకుండా, ఈ పల్లెల్లో ఎవరూ ఏమీ చేయడం లేదన్నట్టు రాస్తే ప్రాంతం తెలిసినవాళ్లు పేజీ తిప్పేస్తారు. హాస్టళ్లు పిల్లల్ని బడిలో నిలుపుతాయి, వెనకబడిన చదువును అందించే పని మిగిలిపోతోంది, మేం చేయబోయేది ఆ మిగిలిన పని అని చెబితే సంస్థకంటూ ఒక చోటు ఏర్పడుతుంది.

అవసరాన్ని ఇంత దగ్గరగా చూస్తే పని ఏ నెలల్లో చేయాలో కూడా అదే చెబుతుంది. కుటుంబాలు వెళ్లేలోపే, అంటే జులై నుంచి అక్టోబరు మధ్యే చదివించాలి. పన్నెండు నెలలకూ సమానంగా గళ్లు నింపిన కార్యక్రమ పట్టిక ఈ పల్లెలకు పనికిరాదు.

లక్ష్యం: తారీఖు, సంఖ్య, హద్దు

"పిల్లల్లో పఠనాసక్తిని పెంపొందించడం" అనేది ఆశయం. ఉండొచ్చు, ఒక వాక్యంలో. "380 మంది పిల్లలకు 70 రోజుల తరగతులు నడపడం" సంస్థ చేసే పని. ఈ రెండూ లక్ష్యాలు కావు. లక్ష్యంలో పిల్లల్లో వచ్చే మార్పు ఉండాలి, దానికి తారీఖూ కొలతా ఉండాలి.

మన సంస్థ 30 బడుల్లో 20 బడులను తీసుకుంటోంది. ఆ 20లో పేరా చదవలేని పిల్లలు సుమారు 380 మంది ఉంటారు, అంటే బడికి 19 మంది. వాళ్ల ప్రధాన లక్ష్యం ఇలా ఉంది: "జులైలో పేరా చదవలేని స్థితిలో ఉన్న 380 మందిలో కనీసం 190 మంది అక్టోబరు 31 నాటికి ఒకటో తరగతి పేరాను తడబడకుండా చదువుతారు."

సగమే ఎందుకని అడగొచ్చు. వంద శాతం అని రాయడం తేలిక, చాలామంది రాస్తారు కూడా. కానీ ఈ 380 మంది ఒకే చోట లేరు. పదాల దగ్గర ఉన్నవాళ్లకు పేరా ఒక మెట్టు దూరం. అక్షరాలే రానివాళ్లకు మూడు మెట్ల దూరం, వాళ్లలో చాలామంది 70 రోజుల్లో పదాల వరకూ వస్తే అదే గొప్ప. అందుకే సంస్థ రెండో లక్ష్యం పెట్టుకుంది: అక్షరాలు రాని పిల్లల్లో పది మందికి ఎనిమిది మంది కనీసం అక్షరాల స్థాయి దాటి పదాల్లోకి రావాలి. ఈ రెండో లక్ష్యం లేకపోతే ఒక ప్రమాదం ఉంది. పేరా చదివించిన సంఖ్యే కొలత అయితే, వాలంటీర్లు తెలియకుండానే గెలుపు దగ్గర్లో ఉన్న పిల్లల మీద శ్రద్ధ పెట్టి, అందరికన్నా వెనక ఉన్నవాళ్లను వదిలేస్తారు. లక్ష్యం ఎలా రాశామన్నదాన్ని బట్టే తరగతి గదిలో టీచరు చూపు ఎటు వాలుతుందో తేలిపోతుంది.

మూడో లక్ష్యం హాజరు గురించి: నడిచే 70 రోజుల్లో ప్రతి పిల్లవాడూ కనీసం 50 రోజులు తరగతిలో ఉండాలి. దీనికి ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లా అనుభవం కారణం. అక్కడ ప్రథమ్ సంస్థ పల్లెల్లో చేసిన ప్రయోగాలను అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డ్యుఫ్లో తదితర పరిశోధకులు పరిశీలించి 2010లో ప్రచురించారు. బడుల పరిస్థితి గురించి గ్రామస్థులకు సమాచారం ఇచ్చి చర్చలు పెట్టినంత మాత్రాన చదువు మెరుగుపడలేదు. ఊరి యువకులు వాలంటీర్లుగా నడిపిన చదువు శిబిరాలకు వెళ్లిన పిల్లలు మాత్రం బాగా నేర్చుకున్నారు. కానీ ఆ శిబిరాలకు వెళ్లింది ఊరి పిల్లల్లో చాలా కొద్దిమందే. పద్ధతి పనిచేసినా పిల్లలు రాకపోతే ఊరి అంకె కదలదు. ఆ పాఠం తెలుసు కాబట్టి మన సంస్థ తరగతులను బడి వేళల్లోనే, బడి గదుల్లోనే పెట్టింది. దానికి మండల విద్యాశాఖాధికారి అనుమతి పత్రం తీసుకుని ప్రపోజల్‌కు జతచేసింది. ఆ ఒక్క కాగితం లేక మంజూరైన డబ్బు నెలల తరబడి కదలని సందర్భాలు ఉంటాయి.

బడ్జెట్ కన్నా ముందు మూల్యాంకనం

ప్రపోజల్లో బడ్జెట్ ముందు, మూల్యాంకనం చివర ఉండొచ్చు. రాసేటప్పుడు మాత్రం తిరగేయాలి. కొలవడానికి డబ్బవుతుంది. ముందు బడ్జెట్ మూసేసి తర్వాత కొలత గురించి ఆలోచిస్తే మిగిలేది "నెలవారీ నివేదికలు, ఫొటోలు" అన్న రెండు మాటలే.

కొలతలో మొదటి ప్రశ్న ఎవరు కొలుస్తారన్నది. చదువు చెప్పిన వాలంటీరే పరీక్ష పెడితే, ఎంత నిజాయతీపరులైనా, తడబడిన పిల్లవాడికి రెండో అవకాశం ఇస్తారు. అది మనిషి స్వభావం. కాబట్టి పరీక్షకు బయటివాళ్లు రావాలి. దగ్గర్లోని డిగ్రీ కాలేజీ విద్యార్థులకు ఒక రోజు శిక్షణ ఇచ్చి పంపొచ్చు. జులైలో ఇచ్చిన పేరానే అక్టోబరులో ఇవ్వకూడదు, పిల్లలు దాన్ని బట్టీపట్టి ఉంటారు. అదే స్థాయిలో వేరే పేరాలు ముందే సిద్ధం చేసుకోవాలి.

రెండో ప్రశ్న, మన వల్లే మార్పు వచ్చిందా అన్నది. నాలుగు నెలల్లో పిల్లలు మన సాయం లేకుండా కూడా బడిలో కొంత నేర్చుకుంటారు. దాన్ని విడదీయాలంటే మనం పనిచేయని చోట ఏం జరిగిందో తెలియాలి. మన సంస్థ 30 బడుల పేర్లనూ చీటీల మీద రాసి, హెడ్మాస్టర్ల ముందే 20 తీసింది. మిగిలిన 10 బడుల్లో ఈ ఏడు తరగతులు నడపదు, పరీక్ష మాత్రం పెడుతుంది. వచ్చే ఏడు ముందు వాళ్ల వంతేనని మాట ఇచ్చింది. చీటీలు ఎందుకంటే, సంస్థే ఎంచుకుంటే రోడ్డు పక్కవీ, టీచర్లు సహకరించేవీ 20లోకి వచ్చి, మారుమూలవి 10లో మిగిలిపోతాయి. అప్పుడు పోలిక చెల్లదు. ముప్పై బడులకూ సరిపడా డబ్బు ఎలాగూ లేదు కాబట్టి చీటీలు తీయడం ఊళ్లో కూడా న్యాయంగానే కనబడుతుంది.

మూడోది, అన్నిటికన్నా ఎక్కువగా తప్పిపోయేది: ఎంతమందిలో ఎంతమంది అన్న లెక్క. అక్టోబరు చివర పరీక్ష జరిగిందనుకుందాం. జులైలో ఉన్న 380 మందిలో 330 మంది దొరికారు, 50 మంది కుటుంబాలు అప్పటికే సుగ్గికి వెళ్లిపోయాయి. దొరికినవాళ్లలో 185 మంది పేరా చదివారు. ఇప్పుడు 330కి 185 అంటే 56 శాతం. లక్ష్యం సగం కాబట్టి దాటేశామని రాసుకోవచ్చు. కానీ 380కి 185 అంటే 49 శాతం కూడా నిండదు, లక్ష్యానికి ఐదుగురు తక్కువ. ఏ లెక్క చెప్పాలో ఫలితం వచ్చాక నిర్ణయించుకుంటే ఎవరికైనా మొదటిదే ముద్దొస్తుంది. అందుకే ప్రపోజల్లోనే రాసిపెట్టాలి: "జులైలో నమోదైన పిల్లలందరూ లెక్కలో ఉంటారు, చివరి పరీక్షకు దొరకనివాళ్లను చదవలేనివాళ్లుగానే పరిగణిస్తాం." వలస పిల్లల కోసమే పెట్టిన కార్యక్రమంలో వలస వెళ్లారని పిల్లల్ని లెక్కలోంచి తీసేయడం కన్నా పెద్ద తప్పు ఉండదు.

పోలిక బడుల్లో కూడా ఇదే పద్ధతి. అక్కడి 190 మందిలో 38 మంది, అంటే ఐదో వంతు, మన సాయం లేకుండానే పేరా చదివే స్థాయికి వచ్చారనుకోండి. అదే లెక్కన మన 380 మందిలో కూడా 76 మంది ఎలాగూ వచ్చేవాళ్లు. అంటే కార్యక్రమం వల్ల వచ్చిన అదనపు ఫలితం సుమారు 109 మంది పిల్లలు. 185 కన్నా 109 చిన్నదే, కానీ అది నిజంగా ఈ సంస్థ సంపాదించిన అంకె.

చివరగా, తర్వాతి జూన్‌లో కొన్ని బడుల్లో మరో చిన్న పరీక్ష. ఐదారు నెలలు మిరప చేలల్లో గడిపి వచ్చిన పిల్లలకు నేర్చుకున్నది నిలిచిందా? ఈ ప్రశ్నకు జవాబు రాకపోతే వచ్చే ఏడాది ప్రణాళిక ఊహ మీదే నడుస్తుంది.

ప్రతి రూపాయికీ ఒక వాక్యం

ఇప్పుడు బడ్జెట్. పట్టిక వేయడం అందరికీ వచ్చు. పక్కన రాసే సమర్థన దగ్గరే ప్రపోజళ్లు నిలబడతాయి లేదా పడిపోతాయి. "ప్రయాణ ఖర్చులు: 36,000" అని ఉంటే చదివేవాళ్లకు అది పెంచి వేసిన అంకెలాగే కనబడుతుంది. దాన్నే ఇలా రాయొచ్చు: ఇద్దరు సూపర్‌వైజర్లు, ఒక్కొక్కరికి పది బడులు, ప్రతి బడినీ వారానికోసారి చూడాలంటే రోజుకు సుమారు 40 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు, కిలోమీటరుకు పెట్రోలు 3 రూపాయలు. నెలకు మనిషికి 3,000. ఆరు నెలలకు ఇద్దరికీ కలిపి 36,000. ఇక దాన్ని ఎవరైనా తగ్గించమంటే ఏ బడికి వెళ్లడం మానేయాలో కూడా వాళ్లే చెప్పాల్సి వస్తుంది.

ఎక్కువ భాగం మనుషులకే పోతుంది, పోవాలి కూడా. చదువు చెప్పేది మనుషులే. బడికొక వాలంటీరు, రోజుకు రెండు గంటల తరగతి, ఒక గంట రాని పిల్లల ఇళ్లకు వెళ్లడం, నెలకు 4,500 చొప్పున నాలుగు నెలలు, ఇరవై మందికి 3,60,000. సూపర్‌వైజర్లకు నెలకు 15,000 చొప్పున ఆరు నెలలకు 1,80,000. అక్షరాల చార్టులు, పదాల కార్డులు, కథల పుస్తకాలకు బడికి 4,500 లెక్కన 90,000. ఈ 22 మందికి ఆరు రోజుల శిక్షణలో భోజనం, రానుపోను ఖర్చులు 46,200. కొందరు ఇక్కడ దాతను మెప్పించాలని మనుషుల ఖర్చు కోసి వస్తువుల ఖర్చు పెంచుతారు. అది తప్పుదారి. ట్యాబ్‌లు కొని వాలంటీరుకు రెండు వేలు ఇస్తే సెప్టెంబరులో ఆమె పత్తి చేనుకు వెళ్లిపోతుంది, గది ఖాళీగా మిగులుతుంది.

పరీక్షలకు 1,05,600. పది మంది, ఆరు రోజులు, రోజుకు 800 చొప్పున జులైలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి, ఆపైన జూన్‌లో చిన్న విడత. మొత్తంలో ఇది దాదాపు 12 శాతం. ఎక్కువనిపించొచ్చు. చిన్న కార్యక్రమంలో కొలత ఖర్చు వాటా ఎప్పుడూ పెద్దగానే కనబడుతుంది, ఎందుకంటే పోలిక బడులకు కూడా వెళ్లాలి. ఆ మాట సమర్థనలో రాయాలి.

ఇక ఆఫీసు ఖర్చు. పార్ట్‌టైమ్ అకౌంటెంటుకు, అద్దె, కరెంటులో ఈ ప్రాజెక్టు వాటాకు, ఆడిట్‌కు కలిపి 67,000. చాలా చిన్న సంస్థలు దీన్ని సున్నా వేస్తాయి. కంపెనీ నిధుల్లో పరిపాలన ఖర్చు ఐదు శాతం దాటకూడదని నిబంధన ఉందని వాళ్లు విని ఉంటారు. ఆ ఐదు శాతం కంపెనీ తన సామాజిక బాధ్యత విభాగాన్ని నడుపుకోవడానికి పెట్టుకునే ఖర్చు మీద ఉన్న పరిమితి. ఒక ప్రాజెక్టు రూపకల్పనకు, అమలుకు, పర్యవేక్షణకు, మూల్యాంకనానికి నేరుగా అయ్యే ఖర్చు అందులోకి రాదు. విదేశీ నిధులైతే సంగతి వేరు. 2020 సవరణ తర్వాత ఆ చట్టం కింద పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు, అందుకున్న డబ్బును మరో సంస్థకు బదిలీ చేయకూడదు. ఏ డబ్బుకు ఏ నిబంధనో తెలుసుకోకుండా ఆఫీసు ఖర్చు సున్నా వేస్తే, ఆ అద్దె ఎక్కణ్నుంచో రావాలి. అది చివరికి వాలంటీర్ల జీతంలోంచే వస్తుంది.

మొత్తం 8,84,800 రూపాయలు. కింద ఒక వాక్యం ఉండాలి: కార్యక్రమంలో చేరే ఒక్కో పిల్లవాడికి సుమారు 2,330 రూపాయలు, లక్ష్యం నెరవేరితే పేరా చదవడం నేర్చుకున్న ఒక్కో పిల్లవాడికి సుమారు 4,660 రూపాయలు. మొదటిది మాత్రమే రాసేవాళ్లు ఎక్కువ. రెండోది కూడా రాస్తే దాత తన దగ్గరున్న మరో పది ప్రపోజళ్లతో దీన్ని నిజంగా పోల్చిచూడగలరు.

మిగతా కాగితాలు ఉండాల్సినవే, వాటి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పన్ను చట్టం కింద 12ఏ, 80జీ నమోదులు, కంపెనీ నిధులకు 2021 నుంచి తప్పనిసరి అయిన సీఎస్ఆర్-1 నమోదు, ఇలాంటి పనిలో మూడేళ్ల అనుభవం ఉన్నట్టు ఆధారాలు. ఇవి లేకపోతే ప్రపోజల్ ఎంత బాగున్నా చదవరు.

తారీఖుల గురించి మాత్రం చెప్పాలి. కంపెనీల లెక్క మార్చి 31తో ముగుస్తుంది. మన సంస్థ చివరి పరీక్ష తర్వాతి జూన్‌లో ఉంది. కాబట్టి దీన్ని ఒక ఆర్థిక సంవత్సరం దాటి కొనసాగే ప్రాజెక్టుగా మంజూరు చేయమని మొదటే అడగాలి. అలా మంజూరైతే ఖర్చు కాని మొత్తాన్ని కంపెనీ, సంవత్సరం ముగిసిన 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాలో వేసి, మూడేళ్లలోపు అదే పనికి ఖర్చు పెట్టొచ్చు. అడగకపోతే మార్చి నెలలో హడావిడిగా డబ్బు ఖర్చు చేయమని ఫోన్లు వస్తాయి, ఆ మార్చిలో పిల్లలు మిరప చేలల్లో ఉంటారు.

నిధులిచ్చేవాళ్లకు ఒక విన్నపం. ఇలాంటి ప్రపోజల్ మీ బల్ల మీదకు వస్తే నిర్ణయం ఏదైనా జూన్ లోపు చెప్పండి. కాదంటే ఆ సంస్థ మరో తలుపు తట్టుకుంటుంది. ఔనంటే మొదటి విడత జులై మొదటి వారానికి చేరేలా చూడండి. సెప్టెంబరు చివర వచ్చిన డబ్బుతో ఈ పల్లెల్లో చదివించడానికి మిగిలేది నెల రోజులు కూడా కాదు, మధ్యలో దసరా సెలవులు కూడా ఉంటాయి.